డబ్బా మీద లైట్ బ్రౌన్, జుట్టు చివర్లు మాత్రం నలుపు: ఒకే రంగు మూడు రకాలుగా ఎందుకు వచ్చింది?

శ్రీలత_గుంటూరు

అందరికీ నమస్కారం. నా జుట్టు భుజాల కిందకు, వీపు సగం దాకా వస్తుంది. పాపిట దగ్గర, కణతల దగ్గర తెల్లవెంట్రుకలు బాగా ఎక్కువ. మూడేళ్లకు పైగా ఇంట్లోనే డబ్బా రంగు వేసుకుంటున్నాను. ఇన్నాళ్లూ వాడింది 4 నంబరు బ్రౌన్. వచ్చే నెలలో మా మేనకోడలి పెళ్లి. ఈసారి కాస్త లేతగా ఉంటే బాగుంటుందనిపించి అదే కంపెనీలో 6 నంబరు తెచ్చాను. డబ్బా మీద అమ్మాయి జుట్టు తేనె కలిసిన బ్రౌన్‌లో మెరిసిపోతోంది.

తల మొత్తం పట్టించి, కాగితంలో రాసినట్టే 35 నిమిషాలు ఉంచి కడిగాను. ఆరాక అద్దంలో చూసుకుంటే మాడు దగ్గర వేలి వెడల్పున రాగి రంగు, దాని కింద ముదురు బ్రౌన్, చెవుల కింద నుంచి చివరిదాకా కారునలుపు! ఒకే గిన్నెలో కలిపిన రంగు, ఒకే రోజు వేసింది. లేత రంగు వేస్తే అంతకుముందు కన్నా నల్లగా అవడం ఏమిటి? ఇంకా లేతది, 8 నంబరు తెచ్చి పైన వేస్తే సరిపోతుందా? పెళ్లి దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

వాసవి88

శ్రీలత గారూ, డబ్బా బొమ్మలు నమ్మకండి. ఆ బొమ్మలోని అమ్మాయికి అసలు అదే రంగు వేశారో లేదో ఎవరికి తెలుసు! నా ఉద్దేశంలో మీరు ఎక్కువసేపు ఉంచారు. నేనెప్పుడూ 15 నిమిషాలకే కడిగేస్తాను, నల్లబడదు. మీ జుట్టు పోరస్, అంటే రంగు ఎక్కువ పీల్చే రకం అయి ఉండొచ్చు కూడా. ఒక వెంట్రుకను గ్లాసు నీళ్లలో వేయండి. మునిగితే పోరస్, తేలితే కాదు.

రంగులపెట్టె

హైదరాబాద్‌లో పార్లర్ నడుపుతున్నాను, రోజూ నా పని ఇదే. జవాబు చెప్పేముందు కొన్ని సంగతులు తెలియాలి శ్రీలత గారూ. ఇన్నేళ్లూ 4 నంబరు వేసుకున్నప్పుడు మొదళ్లకు మాత్రమే వేశారా, ప్రతిసారీ తల మొత్తానికా? ఎన్నాళ్లకొకసారి? మధ్యలో స్మూతనింగ్, స్ట్రెయిటనింగ్ లాంటివి చేయించారా? మెహందీ పెట్టారా? ఈ 6 నంబరు వేయకముందు చివర్లు ఎలా ఉన్నాయి, మాడు దగ్గరి కన్నా ముదురుగా ఉండేవా?

8 నంబరు మాత్రం ఇప్పుడే కొనకండి.

నరేష్_వరంగల్

అక్కా, ఏ కంపెనీదో చెప్పండి ప్లీజ్. నాకు గడ్డం మీద ఎంత సేపు ఉంచినా నలుపు రావడం లేదు. మీకు 6 నంబరుకే అంత నలుపు వచ్చిందంటే మంచి రంగే అనుకుంటా.

శ్రీలత_గుంటూరు

నరేష్, నేను ఏడుస్తుంటే నువ్వు పేరు అడుగుతున్నావా తమ్ముడూ :)

రంగులపెట్టె గారూ, నెలన్నరకొకసారి వేసుకుంటాను. మొదళ్లకు పట్టించాక గిన్నెలో ఇంకా మిగిలేది, పారేయడం ఎందుకని చివరిదాకా దువ్వెనతో లాగేసేదాన్ని. రెండేళ్ల కిందట ఒకసారి స్మూతనింగ్ చేయించాను. మెహందీ పెట్టి చాలా ఏళ్లయింది, ఆ జుట్టు ఎప్పుడో కత్తిరించేశాను. చివర్లు ముందు నుంచీ మాడు దగ్గరి కన్నా కొంచెం ముదురే, కానీ ఎండలో చూస్తే ఎర్రగా కనిపించేవి. ఇప్పుడు ఎండలో కూడా నలుపే.

రంగులపెట్టె

అయితే విషయం తేలిపోయింది. మీ తల మీద ఇప్పుడు ఒక జుట్టు కాదు, మూడు రకాల జుట్టు ఉంది. రంగు ఒకటే అయినా అది దిగిన చోటు మూడు రకాలు.

ముందు లెక్క చూడండి. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు, కొంచెం పైన పెరుగుతుంది. మీది 45 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే చివరి కొసలో ఉన్న వెంట్రుక మీ మాడు నుంచి బయటకు వచ్చి మూడేళ్లు దాటింది. నెలన్నరకొకసారి చివరిదాకా లాగారు కాబట్టి ఆ కొస దాదాపు పాతికసార్లు రంగు తాగింది. మధ్యలో, మెడ దగ్గర ఉన్న జుట్టు దానిలో సగం. మాడు దగ్గరి వేలి వెడల్పు జుట్టు ఒక్కసారే, అదీ ఈసారే. డబ్బా మీది బొమ్మ ఈ మొదటి వేలి వెడల్పు జుట్టు లాంటి దాని మీద వేసి చూపించేది. డబ్బా పక్కన చిన్న చిన్న కుచ్చుల బొమ్మలు ఉంటాయి చూడండి, "మీ జుట్టు ఇప్పుడు ఇలా ఉంటే ఇలా వస్తుంది" అని. అక్కడ కూడా ఎడమవైపు కుచ్చు సహజమైన జుట్టే. పాతికసార్లు రంగు తాగిన కొస ఆ పట్టికలో ఎక్కడా ఉండదు.

ఇక రంగు ఎలా దిగుతుందో చెబుతాను. ట్యూబులో ఉన్నప్పుడు అది రంగే కాదు. దాదాపు రంగులేని చిన్న చిన్న పదార్థాలు. డెవలపర్‌తో కలిపాక అవి వెంట్రుక లోపలికి దూరి, అక్కడ ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, రంగు తేలి, బయటకు రాలేక అక్కడే ఉండిపోతాయి. మంచి జుట్టుకు పైన పొలుసులు దగ్గరగా అతుక్కుని, వాటి మీద సన్నని కొవ్వు పొర కూడా ఉంటుంది. అమోనియా ఆ పొలుసులను కొంచెం తెరిస్తే తప్ప ఆ పదార్థాలు సులువుగా లోపలికి పోవు. అందుకే లోపలికి వెళ్లేది ఒక కొలతలో వెళ్తుంది.

మీ చివర్లలో ఆ కొవ్వు పొర ఏనాడో పోయింది. పాతికసార్ల అమోనియా, స్మూతనింగ్ వేడి, రోజూ దువ్వెన, ఎండ. పొలుసులు లేచి ఉన్నాయి, కొన్నిచోట్ల ఊడిపోయాయి. గాజు సీసా మీద నీళ్లు పోయడానికీ, కాల్చిన కొత్త కుండ మీద పోయడానికీ ఉన్న తేడా. మొదళ్లు 35 నిమిషాల్లో తీసుకునేంత రంగును ఆ చివర్లు చాలా ముందే తీసేసుకుంటాయి, మిగతా సమయమంతా ఇంకా పీలుస్తూనే ఉంటాయి. అప్పటికే లోపల పాతికసార్ల 4 నంబరు ఉంది. దాని మీద 6 నంబరు చేరింది. లేత రంగు అయినా అదనంగా చేరేదే కదా, తీసేసేది కాదు. అందుకే ముందుకన్నా నల్లబడింది.

మీరు మధ్యలో చెప్పిన ఎండలో ఎరుపు సంగతి కూడా దీనికే గుర్తు. అలాంటి జుట్టు రంగును ఎంత త్వరగా పీలుస్తుందో అంత త్వరగా వదులుతుంది కూడా. వేసిన కొత్తలో నలుపు, కొన్ని తలస్నానాలయ్యాక ఎరుపు తేలుతుంది. అది చూసి వెలిసిపోయిందనుకుని మళ్లీ చివరిదాకా లాగుతాం. ఇలా లోపల అడుగు పేరుకుంటూ పోతుంది.

సుబ్బారావు_కెమిస్ట్రీ

ఆసక్తికరంగా ఉంది. నేను రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్‌ని, నాకు ఉన్న కాస్త జుట్టుకూ రంగు వేయను కానీ ఒక సందేహం. డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. అది రంగును విరిచేసే పదార్థం. నల్లటి జుట్టును రాగి చేసింది అదేగా. మరి పాత డై రంగును కూడా విరిచి లేతగా చేయాలి కదా? చివర్లలో ఎందుకు చేయలేదు?

రంగులపెట్టె

మాస్టారూ, మా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఇదే నమ్మకంతో 8 నంబరు కొంటారు, కాబట్టి మంచి ప్రశ్న. పెరాక్సైడ్ విరిచేది జుట్టులో పుట్టుకతో ఉన్న మెలనిన్‌ని. ఇంట్లో వాడే డబ్బాల్లో సాధారణంగా 6% దాకా ఉంటుంది, మేం 20 వాల్యూమ్ అంటాం. దానితో మెలనిన్ ఒకటి రెండు మెట్లు తేలికవుతుంది. మనవాళ్ల జుట్టు 2, 3 మెట్లలో ఉంటుంది కాబట్టి తేలికవగానే కింద ఉన్న రాగి, ఎరుపు బయటపడతాయి. శ్రీలత గారి మొదళ్లలో రాగి అక్కడి నుంచి వచ్చింది. మాడు వేడికి అక్కడ పని ఇంకా చురుగ్గా జరుగుతుంది. తెల్లవెంట్రుకల మీద మెలనిన్ లేదు కాబట్టి 6 నంబరు ఉన్నదున్నట్టు దిగింది, రెండూ కలిసి ఇంకా లేతగా కనిపిస్తోంది.

లోపల గట్టిపడిన డై రంగు మెలనిన్ కాదు. డబ్బాలో ఉన్నంత పెరాక్సైడ్‌కు అది పెద్దగా లొంగదు. దానిని విరవాలంటే బ్లీచ్ పౌడర్, అంటే పర్‌సల్ఫేట్ ఉన్నది, కావాలి. పైగా ఆ గిన్నెలో పెరాక్సైడ్ ఒక్కటే లేదు, కొత్త రంగు కూడా ఉంది. మా పనిలో మొదటి వారమే నేర్పే మాట, రంగు రంగును తీయదు అని.

సుబ్బారావు_కెమిస్ట్రీ

మెలనిన్ విరిగి, డై అణువు ఎందుకు నిలబడుతుందో నిర్మాణం గీసి చూసుకోవాలి. కానీ మీరు చెప్పింది శ్రీలత గారి తలకు సరిపోతోంది. ధన్యవాదాలు.

వాసవి88

మరి నేను 15 నిమిషాలకే కడిగేస్తే నల్లబడకపోవడం నిజమే కదా? నేను చెప్పింది తప్పు ఎలా అవుతుంది?

రంగులపెట్టె

పూర్తిగా తప్పు అనలేదండీ, సగం నిజం. మీకు తెల్లవెంట్రుకలు ఉన్నాయా? ఉంటే అవి రెండు వారాల్లోనే మళ్లీ తేలుతూ ఉండాలి, చెప్పండి. మధ్యలో ఆపేస్తే లోపల అణువులు పూర్తిగా జతపడవు. తెల్లవెంట్రుక మీద పలచటి, ఎరుపు దిగిన రంగు వస్తుంది, త్వరగా పోతుంది. మొదళ్లకు కాగితంలో రాసిన సమయం మొత్తం కావాల్సిందే. తగ్గించాల్సింది చివర్ల సమయం. మొత్తం తల ఒకేసారి పట్టించి ఒకేసారి కడిగితే ఏదో ఒక చోట అన్యాయం జరుగుతుంది.

గ్లాసు పరీక్ష సంగతి. వెంట్రుకకు నూనె ఉంటే తేలుతుంది, దుమ్ము ఉంటే మునుగుతుంది, నీటి ఉపరితలం మీద తేలికగా పడుకున్నా తేలుతుంది. నేను దానిని లెక్కలోకి తీసుకోను. తలస్నానం రోజు చూడండి: నీళ్లు పోయగానే చివర్లు వెంటనే తడిసి ముదురుగా మారి మెత్తబడుతున్నాయా? మొదళ్లు ఆరిపోయాక కూడా చివర్లు చాలాసేపు తడిగానే ఉంటున్నాయా? ఒక పాయను కొస నుంచి మాడు వైపు వేళ్లతో పైకి జరిపితే గరుకుగా తగులుతోందా? ఇవి ఎక్కువ చెబుతాయి.

వాసవి88

రెండు వారాల్లో తేలుతున్న మాట నిజమే :( నీళ్లు సరిపడక అనుకుంటున్నాను ఇన్నాళ్లూ.

కామేశ్వరి_రాజమండ్రి

అమ్మాయిలూ, ఈ కెమికల్ గొడవలు ఎందుకు చెప్పండి? నేను పాతికేళ్లుగా గోరింటాకు పొడే. ఇనుప మూకుడులో చిక్కటి టీ డికాషన్ పోసి రాత్రంతా నానబెట్టి పెట్టుకుంటాను. మొదట్లో ఎర్రగా వచ్చేది, ఇప్పుడు ముదురు మెరూన్‌లో నల్లగా ఉంటుంది. ఈ మధ్య కంటిచూపు తగ్గి, శ్రమ తగ్గించుకోవాలని కొట్లో నల్ల మెహందీ ప్యాకెట్ తెచ్చుకున్నాను. నీళ్లలో కలిపి పెడితే అరగంటలో నలుపు. పెట్టిన మర్నాడు చెవుల వెనక దురద మాత్రం ఉంటోంది. శ్రీలతా, నువ్వూ చివర్లకు కొబ్బరినూనె బాగా పట్టించి ఆ తరవాత మొదళ్లకు రంగు వేసుకో తల్లీ, నూనె ఉన్నచోట రంగు పట్టదు.

రంగులపెట్టె

కామేశ్వరి గారూ, ముందు ఆ దురద సంగతి. గోరింటాకు ఒక్కటే అరగంటలో నలుపు ఇవ్వదు, ఎవరి ఇంట్లో పెట్టుకున్నా ఎరుపే. నీళ్లలో కలిపిన అరగంటకు నలుపు వచ్చిందంటే ఆ పొడిలో డై ఉంది. ప్యాకెట్ వెనక సన్న అక్షరాల్లో పారా ఫినైలిన్ డయమీన్ అనో, పీపీడీ అనో ఉంటుంది చూడండి, మీ అబ్బాయి చేత చదివించండి. చెవుల వెనక దురద దాని వల్ల అలర్జీ మొదలైందనడానికి గుర్తు కావచ్చు. ఈ అలర్జీ ఒకసారి మొదలైతే పెట్టినకొద్దీ ఎక్కువ కావచ్చు, కళ్లు వాచేదాకా పోవచ్చు. ఆ ప్యాకెట్ ఇక పెట్టకండి, ఒకసారి చర్మం డాక్టరుకు చూపించండి.

మీ గోరింటాకు నల్లబడటం కూడా ఈ చర్చకు సంబంధించినదే. గోరింటాకు రంగు వెంట్రుకకు అంటుకుంటే వదలదు, పెట్టినప్పుడల్లా ఒక పొర చేరుతుంది. దానికి తోడు టీలో ఉన్న వగరు ఇనుముతో కలిసి నల్లటి పదార్థం అవుతుంది. పొరలు చేరి ముదరడం డబ్బా రంగైనా, ఆకైనా ఒకటే.

నూనె సలహా సగం వాడతాను నేను. చివర్లకు కండిషనర్ మందంగా పట్టించి, ఆ తరవాత మొదళ్ల రంగు కడుగుతాను, కడిగే నీళ్లలోని రంగు చివర్లకు పట్టకుండా. కానీ నూనె రాసిన చివర్ల మీద రంగు వేస్తే పట్టదనుకోవద్దు. తక్కువ పట్టొచ్చు, మరకలు మరకలుగా పట్టొచ్చు.

కామేశ్వరి_రాజమండ్రి

మా ఊళ్లో అందరం నూనె రాసే వేసుకుంటాం, మాకెప్పుడూ మరకలు రాలేదమ్మా. దురద మాట మాత్రం వింటాను. ప్యాకెట్ మీద అక్షరాలు మా మనవరాలు చదివింది, నువ్వు చెప్పిన పేరే ఉంది.

డల్లాస్_మాధవి

నాకూ ఇదే జరిగింది, కాబట్టి తరవాత భాగం నేను చెబుతాను. ఇక్కడ కొట్లలో కలర్ రిమూవర్ అని రెండు సీసాల కిట్ దొరుకుతుంది. బ్లీచ్ కాదు. కలిపి తలకు పట్టిస్తే కుళ్లిన గుడ్ల వాసన, బాత్రూమ్ తలుపు తీసి పెట్టుకోవాలి. పెద్ద రంగు అణువులను మళ్లీ చిన్నవి చేస్తుందట, అవి కడిగితే బయటకు వస్తాయి. నాకు నలుపు పోయి నారింజ రంగు వచ్చింది. సంతోషించి నాలుగో రోజునే 5 నంబరు వేసుకున్నాను, మళ్లీ 3 లా దిగింది! అదే డబ్బా, అదే బొమ్మ. శ్రీలత గారూ, అది వాడినా వెంటనే పైన రంగు వేయకండి.

రంగులపెట్టె

మాధవి గారు చెప్పినదానిలో రెండు విషయాలు ఉన్నాయి, విడదీద్దాం. ఒకటి, రిమూవర్ తరవాత సరిగ్గా కడగకపోతే చిన్నవైన ఆ పదార్థాలు లోపలే మిగిలి, గాలి తగిలినా, కొత్త డెవలపర్ తగిలినా మళ్లీ జతపడి నల్లబడతాయి. అందుకే కిట్ కాగితంలో అంతసేపు కడగమంటారు, జనం వాసన భరించలేక ముందే ఆపేస్తారు. రెండు, రిమూవర్ పాత రంగునే తీస్తుంది, లేచిన పొలుసులను సరిచేయదు. జుట్టు అంతే పీలుస్తుంది. అలాంటప్పుడు కావాల్సిన రంగు 5 అయితే 6, ఒక్కోసారి 7 ఎంచుకుని పాయ మీద చూసుకోవాలి.

గోరింటాకు ఉన్నవాళ్లకు ఈ రిమూవర్లు పని చేయవు. శ్రీలత గారి జుట్టులో ఆకు లేదు కాబట్టి పని చేసే అవకాశం ఉంది.

వాసవి88

రిమూవర్ ఎందుకు, విటమిన్ సి మాత్రలు పొడి చేసి షాంపూలో కలిపి గంట ఉంచితే చాలు. మా చెల్లెలికి రెండు మెట్లు దిగింది.

రంగులపెట్టె

మీ చెల్లెలిది వేసిన రెండు మూడు రోజుల్లో చేసి ఉంటారు, లేదా అమోనియా లేని తేలికపాటి రంగు అయి ఉంటుంది. అప్పుడు కొంత దిగడం నేనూ చూశాను. పాతికసార్లు పేరుకున్న 4 నంబరు మీద రెండు మెట్లు దిగదు.

వాసవి88

అది డబ్బా రంగేనండీ, నెల తరవాత చేసింది. ఫొటోలు కూడా ఉన్నాయి.

రంగులపెట్టె

ఫొటోలు ఒకే వెలుతురులో తీసినవైతే చూస్తాను. ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు, నా కుర్చీలో మాత్రం అలా జరగలేదు.

శ్రీలత గారూ, ఇప్పుడు మీ సంగతి. 8 నంబరుతో లాభం ఉండదు, కానీ అనుమానం తీరకపోతే ఒక్క డబ్బా తెచ్చి ఒక్క పాయ మీద చూడండి, తల మొత్తం మీద వద్దు. మీ దగ్గర పాత 4 నంబరు డబ్బా ఉంటే అదీ తీయండి. మెడ వెనక, పై జుట్టు కప్పే చోట నుంచి పెన్సిల్ కన్నా సన్నటి పాయ తీసుకోండి. ట్యూబు లోంచి ఒక చెంచా రంగు, కాగితంలో రాసిన పాళ్లలో డెవలపర్, ప్లాస్టిక్ గిన్నెలో కలపండి, లోహపు గిన్నె వద్దు. పాయ మొదలుకు 4, అదే పాయ కొసకు వేరుగా 8 పట్టించండి. అయిదు నిమిషాలకొకసారి తడి దూదితో ఒక చోట తుడిచి, ఆరబెట్టి, కిటికీ దగ్గర చూడండి. తడి జుట్టు ఎప్పుడూ ముదురుగానే కనిపిస్తుంది కాబట్టి ఆరకుండా లెక్క వేయకండి. పైన పట్టించిన పేస్టు నల్లబడటం చూసి కంగారుపడొద్దు, గాలికి అది అలాగే మారుతుంది, లోపల దిగిన రంగుకు దానికీ సంబంధం లేదు. కలిపిన రంగు మిగిలితే పారేయండి, మూత పెట్టి దాస్తే గ్యాస్ పుట్టి సీసా పగలొచ్చు.

కొత్త నంబరు ఏదైనా 48 గంటల ముందు మోచేతి మడతలో చుక్క పెట్టి చూసుకోవాలి. పాత కంపెనీదే అయినా సరే.

నరేష్_వరంగల్

మేడమ్, నా గడ్డం?

రంగులపెట్టె

నీది సరిగ్గా దీనికి తిరగబడిన సమస్య బాబూ. గడ్డం వెంట్రుక మొరటుగా ఉంటుంది, రోజూ కత్తిరించేస్తావు కాబట్టి అది ఎప్పుడూ కొత్త జుట్టే, పొలుసులు బిగుసుకుని ఉంటాయి, రంగు దూరదు. అందుకని తల రంగును గంటసేపు గడ్డం మీద ఉంచకు. ముఖం చర్మం పలచన. గడ్డానికి విడిగా అమ్మే రంగు తీసుకుని, దాని కాగితం ప్రకారం చెయ్యి, 48 గంటల పరీక్ష తప్పనిసరి.

శ్రీలత_గుంటూరు

నిన్న ఆదివారం పాయ పరీక్ష చేశాను. మావారు టార్చి పట్టుకుని నిలబడ్డారు, ఆయనకూ ఆసక్తి పుట్టింది.

కొసకు పెట్టిన 8 నంబరు 35 నిమిషాలకు కూడా ఏమీ మార్చలేదు. అదే నలుపు, కాస్త గరుకుదనం పెరిగింది అంతే. డబ్బా డబ్బు పోయినా మిగతా జుట్టు మిగిలింది. రాగి రంగు మొదలుకు పెట్టిన 4 నంబరు మాత్రం 20 నిమిషాలకే మధ్య జుట్టులోని ముదురు బ్రౌన్‌కు సరిపోయింది. 35 దాకా ఉంచిన చోట అంతకన్నా నల్లబడింది. ఇదేమిటి, అది కొత్త జుట్టే కదా, 35 నిమిషాలు పట్టాలి కదా?

రంగులపెట్టె

కొత్త జుట్టు కాదండీ ఇప్పుడు. 6 నంబరు ఒకసారి తాగింది, పొలుసులు ఒకసారి తెరుచుకున్నాయి, లోపల అప్పటికే కొంత రంగు ఉంది. ఒక్కసారి వేసినందుకే 15 నిమిషాల తేడా వచ్చింది చూడండి, ఇక పాతికసార్లు తాగిన కొసల సంగతి ఊహించుకోండి.

పెళ్లికి ఇలా చేయండి. అప్పటికి ఇంకో సెంటీమీటరు అచ్చంగా కొత్త జుట్టు వస్తుంది, అందులో తెల్లవి కనిపిస్తాయి. 4 నంబరు కలిపి ముందు ఆ కొత్త సెంటీమీటరుకే బ్రష్షుతో పట్టించండి. 15 నిమిషాలయ్యాక రాగి పట్టీకి పట్టించండి. ఇంకో 20 నిమిషాలకు రెండూ కలిపి కడిగేయండి. కొత్త జుట్టుకు 35, రాగి పట్టీకి 20 పడతాయి. పట్టీ అంచు దగ్గర ఆగిపోండి, ముదురు బ్రౌన్ మీదకు బ్రష్షు పోకూడదు. గిన్నెలో ఎంత మిగిలినా చివర్లకు లాగొద్దు, అసలు ముందే సగం డబ్బా కలపండి. కలపని సగానికి మూత బిగించి పెట్టుకుంటే తరవాతి సారికి పనికొస్తుంది, ట్యూబుల్లో వచ్చే రకాలకైతేనే.

అలా చేస్తే పైన ముదురు బ్రౌన్, చెవుల కింద నలుపు మిగులుతుంది. జడ వేసి పూలు పెడితే ఆ తేడా ఎవరికీ కనబడదు. కొసల సంగతి పెళ్లయ్యాక చూద్దాం, రిమూవర్ పార్లర్‌లో చేయిద్దాం.

డల్లాస్_మాధవి

నేనైతే పెళ్లికి ముందే రిమూవర్ చేయిస్తాను. ఇంకా నెల ఉంది కదా. నలుపు ఇప్పుడే తీయడం సులువు, ఆగితే కష్టం కాదా?

రంగులపెట్టె

అంత తేడా ఉండదు, ఎందుకంటే ఆ నలుపులో ఎక్కువ భాగం ఏళ్ల నాటిదే. ఈసారి చేరిన 6 నంబరు తలస్నానాలకే కొంత దిగుతుంది, ఆమె కొసలు రంగు వదిలే రకం. రెండు మూడు వారాల్లో ఎండలో ఎరుపు మళ్లీ కనిపిస్తే అది పీల్చిన కొత్త రంగు. అప్పటికీ నలుపు నలుపుగానే ఉంటే అది అడుగున పేరుకున్నది, దానికే రిమూవర్. ఇప్పుడే చేయిస్తే నారింజ కొసలతో పెళ్లికి వెళ్లాల్సి రావచ్చు, అది కప్పడానికి మళ్లీ రంగు, అది మళ్లీ నల్లబడటం, మీకు జరిగిందే.

డల్లాస్_మాధవి

నారింజ వచ్చినా రెండు మెట్లు లేతది పది నిమిషాలు వేస్తే కుదురుతుంది, తరవాతి సారి నాకు కుదిరింది. తెలిసిన పార్లర్ ఉంటే ముందే చేయించడమే మేలని ఇప్పటికీ అంటాను.

శ్రీలత_గుంటూరు

మా మేనకోడలు మాధవి గారి పక్షం, మావారు రంగులపెట్టె గారి పక్షం. 4 నంబరు డబ్బాకు మోచేతి మీద చుక్క ఈ పూట పెట్టాను. కొసల మాట వచ్చే ఆదివారం, ఎండలో ఎరుపు తేలిందో లేదో చూసి చెబుతాను.